గ్రాఫ్ చూసి బహుపది రాయమన్నారు: a కరెక్ట్, బిందువు కరెక్ట్, జవాబు మాత్రం తప్పట!

ఫ్రిస్కో_నాన్న
మా అమ్మాయి పదకొండో గ్రేడు, ప్రికాల్క్యులస్ చదువుతోంది. నిన్న రాత్రి హోంవర్క్ సైట్‌లో ఒక్క లెక్క దగ్గర ఇద్దరం గంటన్నర కూర్చున్నాం. ఒక గ్రాఫ్ ఇచ్చి, దానికి సరిపోయే కనిష్ఠ డిగ్రీ బహుపది రాయమన్నారు.

గ్రాఫ్ మాటల్లో చెబుతాను. ఎడమవైపు పైనుంచి దిగొచ్చి x = -2 దగ్గర అక్షాన్ని తాకి, దాటకుండా మళ్లీ పైకి లేచింది. పైన గుట్టలా తిరిగి కిందికొచ్చి x = 1 దగ్గర అక్షాన్ని దాటింది. కింద చిన్న లోయ. అక్కణ్నుంచి లేచి x = 3 దగ్గర దాటి పైకి వెళ్లిపోయింది. లోయలో ఒక నల్ల చుక్క పెట్టి పక్కన (2, -4) అని రాశారు.

తాకింది కాబట్టి (x+2) వర్గం, మిగతా రెండూ దాటాయి కాబట్టి మామూలుగా వేసింది. x = 2 పెడితే 16 × 1 × (-1) = -16. అది -4 కావాలంటే a = 1/4. కాబట్టి జవాబు ఇది:

```
f(x) = (1/4)(x+2)^2(x-1)(x-3)
```

సైట్‌లో రెండు గళ్లున్నాయి. a గడిలో 1/4 వేస్తే పచ్చ టిక్కు పడింది. పూర్తి బహుపది గడిలో ఇది వేస్తే ఎర్ర గుర్తు. శూన్యాలు మూడూ సరిపోయాయి, చుక్క సరిపోయింది, a కూడా సరేనంది. ఇంకేం తప్పు? నేను ఇంజనీరింగ్ చదివి ఇరవై ఏళ్లు దాటింది, నాకూ అంతుపట్టలేదు. పాప మూడు ప్రయత్నాల్లో రెండు వాడేసింది, టెన్షన్ పడుతోంది.

చదివేవాడు
బ్రాకెట్లు చూశారా? కొన్ని సైట్లలో 1/4(x+2)^2 అని కొడితే 4(x+2)^2 మొత్తాన్నీ కిందికి తోసేస్తాయి. నాకు ఒకసారి అలాగే మార్కులు పోయాయి.

ఫ్రిస్కో_నాన్న
చూశామండీ. (1/4) అని బ్రాకెట్లలోనే కొట్టింది. కింద ప్రివ్యూలో కూడా సరిగ్గానే కనిపించింది.

డేటా_దాసు
మీరు వర్గం వేయడమే తప్పు. కనిష్ఠ డిగ్రీ అన్నారు కదా. మూడు శూన్యాలు, ఒక చుక్క, మొత్తం నాలుగు బిందువులు. నాలుగు బిందువులకు డిగ్రీ 3 చాలు. నేను ఇప్పుడే రన్ చేశాను:

```
import numpy as np
x = [-2, 1, 3, 2]
y = [0, 0, 0, -4]
print(np.polyfit(x, y, 3))
```

1, -2, -5, 6 వచ్చాయి. అంటే x^3 - 2x^2 - 5x + 6. ఇదే (x+2)(x-1)(x-3), a = 1. నాలుగు బిందువుల్లోంచీ కచ్చితంగా పోతుంది. మీది డిగ్రీ 4, నాది 3. కనిష్ఠం ఏది?

సాయంత్రం_ట్యూషన్
దాసు గారూ, మీరు బిందువుల లెక్క చేశారు, వాళ్లు అడిగింది గ్రాఫ్ లెక్క. మీ క్యూబిక్ -2 దగ్గర అక్షాన్ని దాటి కిందికి పోతుంది. x = -3 పెట్టి చూడండి: (-1)(-4)(-6) = -24. గ్రాఫ్‌లో అక్కడ పైన ఉంది. పైగా వాళ్ల సైటే a = 1/4 అని ఒప్పుకుంది, మీది 1.

డేటా_దాసు
ఓ, -2 దగ్గర తాకి వెనక్కి వెళ్తుందన్న మాట నేను సరిగ్గా చదవలేదు. చుక్కలు మాత్రమే తీసుకున్నాను. ఆ వంపు కూడా ఒక షరతే కాబట్టి నాలుగో డిగ్రీ కావాలి, ఒప్పుకుంటాను. అలాగైతే పాప జవాబు కరెక్టే కదా?

మలుపుల_మూర్తి
పాప జవాబే కరెక్ట్, సైట్‌లోనే తప్పుంది. మలుపులు లెక్కపెట్టండి. -2 దగ్గర ఒకటి, గుట్ట మీద ఒకటి, లోయలో ఒకటి. మొత్తం 3. మలుపుల కంటే డిగ్రీ ఒకటి ఎక్కువ, అంటే 4. మా సార్ ఇదే చెప్పేవారు, ఎప్పుడూ తప్పలేదు. టీచర్‌కి మెయిల్ పెట్టండి.

గుంటూరు_లెక్కలు
మెయిల్ పెట్టే ముందు ఫ్రిస్కో గారు రెండు సంగతులు చూసి చెప్పాలి.

ఒకటి, గ్రాఫ్ 3 దగ్గర దాటిన తీరు, 1 దగ్గర దాటిన తీరు ఒకటేనా? 1 దగ్గర గీత సూటిగా కోసుకుంటూ పోయిందా, 3 దగ్గర కాస్త పడుకుని లేచిందా?

రెండు, y అక్షాన్ని ఎక్కడ కోసింది? అక్కడ చుక్క లేకపోయినా ఫరవాలేదు, ఉజ్జాయింపుగా చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న
ఇప్పుడే మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశాం. నిలువు అక్షం మీద పదికో గీత ఉంది, -10 నుంచి 40 దాకా. గ్రాఫ్ y అక్షాన్ని 30 గీతకు కొంచెం కింద కోసింది. గుట్ట కొస 40 గీతకు దగ్గర దాకా వెళ్లింది.

3 దగ్గర, మీరు అన్నాక చూస్తే, అవును, అక్షం మీద కాసేపు పాకినట్టుంది. 1 దగ్గర అలా లేదు, దాదాపు నిలువుగా పడింది. స్క్రీన్ మీద చిన్నగా ఉన్నప్పుడు ఈ తేడా మాకు కనపడలేదు.

గుంటూరు_లెక్కలు
అయితే దొరికింది. అమ్మాయి జవాబులో x = 0 పెట్టండి. (1/4) × 4 × (-1) × (-3) = 3. అంటే ఆమె రాసిన బహుపది y అక్షాన్ని 3 దగ్గర కోస్తుంది. బొమ్మలోనేమో 30కి కొంచెం కింద. పదికో గీత ఉన్నా 3కీ, 30కీ తేడా కంటికి తెలుస్తుంది.

3 దగ్గర గ్రాఫ్ దాటింది కాబట్టి అక్కడ ఘాతం బేసి సంఖ్య. కానీ పాకుతూ దాటింది కాబట్టి అది 1 కాదు. తరవాతి బేసి సంఖ్య 3. ఇప్పుడు మళ్లీ కట్టండి:

```
f(x) = a(x+2)^2(x-1)(x-3)^3
f(2) = a * 16 * 1 * (-1) = -16a = -4
a = 1/4
f(0) = (1/4) * 4 * (-1) * (-27) = 27
```

27. మీరు చెప్పిన చోటే. డిగ్రీ 2 + 1 + 3 = 6.

a రెండు జవాబుల్లోనూ 1/4 ఎందుకు వచ్చిందో గమనించారా? చుక్క x = 2 దగ్గరుంది, శూన్యం 3 దగ్గరుంది. మధ్య దూరం 1. (2-3) అంటే -1. -1ని ఒకటో ఘాతానికి ఎత్తినా, మూడో ఘాతానికి ఎత్తినా -1 గానే ఉంటుంది. అందుకే మీకు a దగ్గర పచ్చ టిక్కు పడి, తప్పు ఎక్కడుందో తెలియకుండా పోయింది.

ఫ్రిస్కో_నాన్న
పడింది! పచ్చ టిక్కు. చివరి ప్రయత్నంలో. పాప గట్టిగా అరిచింది, పక్క గదిలోంచి మా అమ్మ కంగారుపడి వచ్చింది.

ఆ -1 సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. అంటే మేం 1/4 పొందింది అదృష్టం కొద్దీనా?

చదివేవాడు
అసలు తప్పు లెక్క ఇచ్చిన వాళ్లది. చుక్కను శూన్యానికి సరిగ్గా ఒక యూనిట్ దూరంలో పెట్టకూడదు. వేరే చోట పెట్టుంటే పాప తప్పు అప్పుడే బయటపడేది.

గుంటూరు_లెక్కలు
చదివేవాడు గారి మాట సగమే నిజం. చుక్క ఎక్కడ పెట్టినా, ఒక్క చుక్కతో ఘాతం తప్పు బయటపడదు. చుక్క (0, 27) ఇచ్చారనుకోండి. అమ్మాయి తన డిగ్రీ 4 రూపంలో x = 0 పెడితే 12a వస్తుంది. 12a = 27, a = 9/4. ఏ అడ్డంకీ లేకుండా సమాధానం వచ్చేస్తుంది. a ఒక్కటే మన చేతిలో ఉన్న అంకె, చుక్క ఒక్కటే మనకున్న షరతు. శూన్యం కాని చోట చుక్క ఎక్కడున్నా a దానికి తగ్గట్టు సర్దుకుంటుంది.

తేడా ఒక్కటే. అప్పుడు a గడిలో కూడా ఎర్ర గుర్తు పడేది, సైట్ దగ్గర జవాబు ఉంది కాబట్టి. పరీక్షలో సైట్ ఉండదు. అక్కడ ఘాతం సరైందా కాదా అని చూసుకోవాలంటే a కోసం వాడని ఇంకో చోటు గ్రాఫ్ మీద ఎంచుకుని చూడాలి. చాలా బొమ్మల్లో y అక్షాన్ని కోసే చోటు అందుకు చేతికి అందుతుంది.

ఈ 9/4 బహుపదినే తీసుకుని x = 2 పెట్టండి. (9/4) × (-16) = -36. బొమ్మలో లోయ -10 గీత దాకా కూడా దిగలేదు. అలా పట్టుబడుతుంది.

ఎడిసన్_అమ్మ
మా బాబుకి కూడా సరిగ్గా ఇలాంటిదే వచ్చింది, కానీ వాడికి a అసలు రావడమే లేదు. గ్రాఫ్ ఎడమవైపు పైనుంచి వచ్చి, (0, 0) దగ్గర దాటి కిందికి వెళ్లి, మళ్లీ లేచి x = 4 దగ్గర కిందినుంచి తాకి మళ్లీ కిందికి పోయింది. మూలబిందువు దగ్గర చుక్క ఉంది. దాన్ని పెడితే 0 = 0 వస్తోంది. a ఏదైనా సరిపోతుందా?

సాయంత్రం_ట్యూషన్
అమ్మా, ఆ (0, 0) శూన్యమే కదా, దాన్ని మీరు x అనే కారణాంకం రాసినప్పుడే వాడేశారు. అదే సమాచారాన్ని రెండోసారి పెడితే కొత్తగా ఏమీ చెప్పదు. అక్షం మీద లేని ఇంకో చుక్క ఎక్కడో ఉంటుంది, చూడండి.

ఎడిసన్_అమ్మ
ఉంది, మూలకు రాసి ఉంది. (1, -3). అది అక్షం గీతల మీది అంకె అనుకున్నాం.

సాయంత్రం_ట్యూషన్
అయితే f(x) = ax(x-4)^2. x = 1 పెడితే a × 1 × 9 = -3. a = -1/3. ఎడమ చివర పైకి, కుడి చివర కిందికి ఉందన్నారు కదా, బేసి డిగ్రీకి a రుణం అయితేనే అలా ఉంటుంది. సరిపోయింది.

ఎడిసన్_అమ్మ
వచ్చింది. వాడు మొదట (x+4) అని రాశాడు, అది కూడా దిద్దించాను. శూన్యం 4 అయితే మైనస్ ఎందుకని ప్రతిసారీ అడుగుతాడు.

సాయంత్రం_ట్యూషన్
నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు కూడా అదే అడుగుతారు. రాసిన కారణాంకంలో ఆ శూన్యాన్ని పెట్టి చూడమంటాను. (4+4) అంటే 8, సున్నా కాలేదు. రెండుసార్లు పెట్టి చూస్తే మూడోసారి అడగరు.

మలుపుల_మూర్తి
అందరూ గుంటూరు గారి జవాబు ఒప్పుకున్నారు, సైట్ కూడా ఒప్పుకుంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మలుపులు 3 అయితే డిగ్రీ 6 ఎలా అవుతుంది? 5 మలుపులు ఉండాలి కదా.

గుంటూరు_లెక్కలు
మూర్తి గారూ, మీ సార్ చెప్పింది పూర్తిగా గుర్తుచేసుకోండి. డిగ్రీ n అయితే మలుపులు n-1కి మించవు. సరిగ్గా n-1 ఉంటాయని కాదు. x^3 తీసుకోండి, డిగ్రీ 3, ఒక్క మలుపూ లేదు. x^6 డిగ్రీ 6, మలుపు ఒక్కటే.

కాబట్టి 3 మలుపులు చూసి డిగ్రీ కనీసం 4 అని చెప్పొచ్చు. 4 మాత్రమే అని చెప్పలేం. మీ సూత్రం కింది హద్దు ఇస్తుంది, జవాబు ఇవ్వదు. మిగతా రెండు 3 దగ్గర పాకిన చోట ఉన్నాయి. వాలు అక్కడ సున్నాకి వచ్చింది, కానీ గీత వెనక్కి తిరగలేదు.

మలుపుల_మూర్తి
వాలు సున్నాకి వచ్చి తిరగకుండా పోయింది. సరే, ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఒకటి ఎక్కువ, ఒకటి ఎక్కువ అనే గుర్తుపెట్టుకున్నాను. మాకు ఇచ్చిన లెక్కలన్నీ పాకని గ్రాఫులే అయి ఉంటాయి.

ఎంపీసీ_బ్యాచ్
నేను హనుమకొండలో ఇంటర్ సెకండియర్. గుట్ట, లోయ సరిగ్గా ఎక్కడొస్తాయో చూద్దామని అవకలనం చేశాను. f′/f రాస్తే తేలిక:

```
2/(x+2) + 1/(x-1) + 3/(x-3) = 0
```

హారాలు తీసేసి సర్దితే 6x^2 - 6x - 6 = 0, అంటే x^2 - x - 1 = 0. మూలాలు 1.618, -0.618. గోల్డెన్ రేషియో! లోయ సరిగ్గా 1.618 దగ్గర. ఇది కావాలనే పెట్టారా?

గుంటూరు_లెక్కలు
బాగా చేశావు బాబూ. కావాలని పెట్టి ఉంటారని నేను అనుకోను. -2, 1, 3 శూన్యాలకు 2, 1, 3 ఘాతాలు కలిస్తే అలా కుదిరింది. ఒక్క శూన్యం జరిపినా పోతుంది.

కానీ నువ్వు తెలియకుండానే ఇంకో మంచి గుర్తు పట్టుకున్నావు. అమ్మాయి రాసిన డిగ్రీ 4 బహుపదికి కూడా లోయ ఎక్కడొస్తుందో చెయ్యి.

ఎంపీసీ_బ్యాచ్
3/(x-3) బదులు 1/(x-3) పెట్టాలి. 4x^2 - 8x - 2 = 0. x = 1 ± √1.5. లోయ 2.22 దగ్గర. లోతు సుమారు -4.24.

అసలు గ్రాఫ్‌కైతే 1.618 దగ్గర లోతు సుమారు -5.34.

గుంటూరు_లెక్కలు
ఇప్పుడు (2, -4) చుక్క ఎక్కడుందో చూడండి. డిగ్రీ 4 గ్రాఫ్‌లో అది లోయ అడుగుకు ఎడమన, ఇంకా దిగుతున్న వైపు ఉంటుంది. డిగ్రీ 6 గ్రాఫ్‌లో లోయ దాటి, పైకి లేస్తున్న వైపు ఉంటుంది. 3 దగ్గర గీత పాకాలంటే ముందే పైకి వచ్చేయాలి, అందుకే లోయ 1 వైపు జరిగింది. ఫ్రిస్కో గారూ, మీ బొమ్మలో చుక్క ఏ వైపుంది?

ఫ్రిస్కో_నాన్న
పాపను అడిగాను. చూడగానే చెప్పింది, పైకెక్కే వైపు. లోయ అడుగు చుక్కకు ఎడమన ఉంది, ఒకటిన్నర దాటి ఎక్కడో.

డేటా_దాసు
నేను రెండూ ప్లాట్ చేసి ఒకదాని మీద ఒకటి వేశాను. రెండూ -2, 1, 2, 3, 4 దగ్గర కలుస్తాయి, మిగతా అన్ని చోట్లా వేరు. గుట్ట అసలు దాంట్లో 36.6 దాకా పోతుంది, పాప దాంట్లో 3.1 మాత్రమే. ఒకే చుక్కలు, ఒకే a, పదింతలకు పైగా తేడా ఎత్తు. ఇక మీదట బిందువుల్లోంచి పోయింది కదా అని ఊరుకోను.

సాయంత్రం_ట్యూషన్
నా దగ్గర పిల్లలకు నేను కాగితం అంచుతో చూడమంటాను. కాగితం అంచును శూన్యం దగ్గర గీతకు ఆనించాలి, గీత ఆ చోట ఎటు పోతోందో అంచు అటే ఉండేట్టు. ఈ బొమ్మలో 1 దగ్గర ఆనిస్తే అంచు కోసుగా, దాదాపు నిలువుగా నిలబడుతుంది. 3 దగ్గర ఆనిస్తే అంచు x అక్షం మీదే పడుకుంటుంది. పడుకుంటే ఘాతం 1 కాదు. గీత దాటిందా, తాకి వెనక్కి పోయిందా అన్నదాన్ని బట్టి బేసి, సరి.

డేటా_దాసు
అంకెల్లో కూడా అలాగే ఉంది. 1కి అర యూనిట్ ముందు చూస్తే, x = 0.5 దగ్గర ఎత్తు 12.2. అదే 3కి అర యూనిట్ ముందు, x = 2.5 దగ్గర లోతు 0.95 మాత్రమే. పదికో గీత ఉన్న బొమ్మలో 0.95 అంటే అక్షానికి అంటుకున్నట్టే.

చదివేవాడు
ఇక్కడే నాకు అభ్యంతరం. పదికో గీత వేసి నిలువుగా నొక్కేసిన బొమ్మలో పాకడం ఎలా నమ్మాలి? నిలువు స్కేలు ఇంకా పెద్దది చేస్తే ఘాతం 1 ఉన్న చోటు కూడా పాకినట్టే కనబడుతుంది. పిల్ల కంటికి కనపడనిది పెట్టి తప్పు కొట్టడం న్యాయం కాదు.

గుంటూరు_లెక్కలు
స్కేలు మోసం చేస్తుందన్నది నిజమే. అందుకే ఒక శూన్యాన్ని ఒంటరిగా చూడకుండా పక్క శూన్యంతో పోల్చమంటాను. స్కేలు రెండింటినీ ఒకేలా నొక్కుతుంది. 1 దగ్గర నిలువుగా పడి, 3 దగ్గర పాకిందంటే ఆ తేడా స్కేలు వల్ల వచ్చింది కాదు.

అయినా పోలిక కూడా ప్రతిసారీ కాపాడదు. ఘాతం 1 అయినా వాలు బాగా తక్కువగా ఉండే చోట్లుంటాయి. అలాంటి అనుమానం వస్తే మళ్లీ y అక్షం దగ్గరికే పోవాలి.

చదివేవాడు
అదే అంటున్నాను, y అక్షం దగ్గర చుక్క పెట్టి 27 అని రాసుండాల్సింది.

సాయంత్రం_ట్యూషన్
రాస్తే అసలు లెక్కే లేదు కదా. గ్రాఫ్ చదవడం నేర్పడానికే ఇచ్చారు. నాకైతే తప్పనిపించలేదు. కానీ మూడే ప్రయత్నాలు ఇవ్వడం నాకూ నచ్చలేదు.

ఎడిసన్_అమ్మ
మా బాబు పక్కనుంచి అడుగుతున్నాడు. 3 దగ్గర ఘాతం 5 ఎందుకు కాకూడదు? 5 కూడా బేసే, పాకుతుంది కదా. కనిష్ఠం అన్నారు కాబట్టే 3 తీసుకోవాలా?

గుంటూరు_లెక్కలు
బాబు మంచి ప్రశ్న అడిగాడు. మామూలుగా ఆ కనిష్ఠం అన్న మాట ఉన్నది అందుకే. తాకితే 2, 4, 6 ఏదైనా కావచ్చు. పాకి దాటితే 3, 5, 7 ఏదైనా కావచ్చు. పైగా x^2 + 1 లాంటి, ఎప్పుడూ సున్నా కాని కారణాంకం తగిలించినా శూన్యాలు మారవు. వీటన్నిటినీ ఆ ఒక్క మాట తీసేస్తుంది.

కానీ ఈ బొమ్మలో అది లేకపోయినా 5ని తోసేయొచ్చు. ఘాతం 5 పెట్టినా a = 1/4 వస్తుంది, అదే -1 వల్ల. అప్పుడు x = 0 దగ్గర విలువ (1/4) × 4 × 243 = 243. బొమ్మ 40తో ఆగిపోయింది.

ఎంపీసీ_బ్యాచ్
-2 దగ్గర 4 పెట్టి చూశాను. (2+2) నాలుగో ఘాతం 256, కాబట్టి a = 1/64. x = 0 దగ్గర 16 × 27 / 64 = 6.75. అదీ కుదరలేదు. ఇక్కడ a మారింది, ఎందుకంటే చుక్క -2కి నాలుగు యూనిట్ల దూరంలో ఉంది.

డేటా_దాసు
రెండు చోట్లా తప్పుచేసి ఒకదానికొకటి సర్దుకుంటే? ఉదాహరణకి -2 దగ్గర 4, 3 దగ్గర 5. a = 1/64 గానే ఉంటుంది. x = 0 దగ్గర 16 × 243 / 64 = 60.75. కాదు. కానీ ఇంకేదో జత 27కి దగ్గరగా రావచ్చు కదా? x^2 + c లాంటి కారణాంకాలు కూడా కలిపితే?

గుంటూరు_లెక్కలు
రావచ్చు. (x^2 + c) తగిలించి c బాగా పెద్దది తీసుకుంటే, -2 నుంచి 3 దాకా అది దాదాపు స్థిరాంకంలాగే ఉంటుంది. a దాన్ని మింగేస్తుంది. బొమ్మలో కంటికి ఏ తేడా కనపడదు, డిగ్రీ మాత్రం 8 అవుతుంది. అలాంటి దాన్ని ఏ చుక్కతోనూ, ఏ కాగితం అంచుతోనూ పట్టుకోలేం. అక్కడ కనిష్ఠం అన్న మాటే దిక్కు.

చదివేవాడు
అంటే నా అభ్యంతరం సగం నిలబడింది.

గుంటూరు_లెక్కలు
సగం నిలబడింది, ఒప్పుకుంటాను.

ఫ్రిస్కో_నాన్న
పాప ఇవాళ బడి నుంచి వచ్చాక తనే ఒక గ్రాఫ్ గీసి నాకు ఇచ్చింది. -1 దగ్గర పాకుతూ దాటింది, 2 దగ్గర కిందినుంచి తాకి మళ్లీ కిందికి పోయింది. చుక్క (1, -4). y అక్షాన్ని -2 దగ్గర కోసింది. చుక్క నుంచి 2 దాకా దూరం కావాలనే ఒకటి పెట్టిందట.

నేను a(x+1)^3(x-2)^2 రాశాను. x = 1 దగ్గర 8a = -4, a = -1/2. x = 0 దగ్గర (-1/2) × 1 × 4 = -2. సరిపోయింది. తను పక్కనే నిలబడి, y అక్షం దగ్గర సరిచూసేదాకా జవాబు ఒప్పుకోలేదు.

ఎంపీసీ_బ్యాచ్
2 దగ్గర ఘాతం 4 వేస్తే కూడా a = -1/2 వస్తుంది, x = 0 దగ్గర -8. పాప సరిగ్గా మీకు ఇచ్చిన లెక్కనే తిప్పి పెట్టింది సార్.